సైనిక తిరుగుబాటు, పలాయనం: 1806 వేలూరు ఉదంతం

అనుమతి లేకుండా సైనికుడు కొలువు విడిచి వెళ్లిపోవడాన్ని పలాయనం అంటారు. సైనికులు కూడబలుక్కొని అధికారుల ఆజ్ఞను ధిక్కరించడం తిరుగుబాటు. మొదటిది సాధారణంగా వ్యక్తిగత నిర్ణయం, రెండవది సామూహిక చర్య. అందుకే సైన్యాలు రెండవదానికే ఎక్కువగా భయపడ్డాయి. ఈ రెండింటి మధ్య సంబంధాన్ని వేలూరు ఉదంతం ద్వారా పరిశీలిద్దాం.

1806లో మద్రాసు సైన్యాధిపతి సర్ జాన్ క్రెడాక్ సిపాయిల వేషధారణపై కొత్త నిబంధనలు తెచ్చాడు. కవాతులో నుదుట మతచిహ్నాలు, చెవిపోగులు ఉండరాదు. గడ్డం గీసుకోవాలి. తోలు తురాయి ఉన్న కొత్త తలపాగా ధరించాలి. దీనిని హిందువులు, ముస్లింలు కూడా తమ మతానికి భంగంగానే భావించారు. తమను క్రైస్తవులుగా మార్చే ప్రయత్నమని అనుమానించారు.

సిపాయిలు మొదట ఆయుధం పట్టలేదు. మే నెలలో వేలూరులో ఒక పటాలం తలపాగాను నిరాకరించింది. నాయకులుగా గుర్తించిన వారిని మద్రాసుకు పంపి విచారించారు. ఇద్దరికి 900 చొప్పున కొరడా దెబ్బలు విధించారు. జూన్‌లో ముస్తఫా బేగ్ అనే సిపాయి కుట్ర జరుగుతోందని చెబితే అధికారులు అతనినే నిర్బంధించారు. అంటే ఫిర్యాదుకు, హెచ్చరికకు ఉన్న దారులు రెండూ మూసుకుపోయాయి.

జూలై 10 తెల్లవారుజామున సిపాయిలు కోటలోని ఐరోపా దళంపై దాడి చేశారు. వంద మందికి పైగా ఆంగ్ల సైనికులు మరణించారు. కోటలో నిర్బంధంలో ఉన్న టిప్పు సుల్తాన్ కుటుంబం పేరు, మైసూరు జెండా తిరుగుబాటుకు రాజకీయ రూపమిచ్చాయి. అయితే ఆర్కాటు నుంచి గిలెస్పీ అశ్వికదళంతో ఉదయమే చేరుకుని కోటను తిరిగి పట్టుకున్నాడు. అప్పుడు తిరుగుబాటు పలాయనంగా మారింది. తప్పించుకున్న సిపాయిలను చుట్టుపక్కల ప్రాంతాల్లో వెతికి పట్టుకున్నారు.

కంపెనీ ప్రతిస్పందన రెండు విధాలుగా సాగింది. ఒకవైపు, పట్టుబడిన పలువురిని విచారణ లేకుండానే అక్కడికక్కడే కాల్చివేశారు. తరువాత సైనిక న్యాయస్థానం తీర్పుతో కొందరిని ఫిరంగుల నోట కట్టి పేల్చారు, కొందరిని ఉరితీశారు. పాల్గొన్న పటాలాలను రద్దు చేశారు. మరోవైపు, వివాదాస్పద నిబంధనలను ఉపసంహరించారు. క్రెడాక్‌ను, గవర్నర్ బెంటింక్‌ను వెనక్కి పిలిపించారు. టిప్పు కుమారులను కలకత్తాకు తరలించారు.

ఇదే తలపాగా హైదరాబాదులోని కంపెనీ సైన్యంలోనూ అలజడి రేపింది. వేలూరు వార్త అందగానే అక్కడి సేనాని మాంట్రెసర్, మద్రాసు ఆదేశాల కోసం ఎదురుచూడకుండా నిబంధనలను రద్దు చేశాడు. అక్కడ అలజడి తిరుగుబాటు దాకా పోలేదు.

ఈ రెండు స్థలాలను పోల్చితే ఒక విషయం గమనించవచ్చు. అసంతృప్తికి తక్షణ కారణం రెండు చోట్లా ఒకటే. వేలూరులో అధికారులు శిక్షతో మొదలుపెట్టి, రక్తపాతం జరిగాక రాయితీ ఇచ్చారు. హైదరాబాదులో రాయితీ ముందుగానే వచ్చింది. అయితే టిప్పు కుటుంబం వంటి రాజకీయ కేంద్రం హైదరాబాదు శిబిరంలో లేదు. కాబట్టి ఫలితంలోని తేడాకు రాయితీ ఒక్కటే కారణమని నిర్ధారించరాదు.