నాయిస్ గేట్: డ్రమ్ మైకుల్లో త్రెషోల్డ్, హోల్డ్, రేంజ్

నాయిస్ గేట్ అంటే మైకు సిగ్నల్ ఒక నిర్ణీత స్థాయికి దిగువన ఉన్నంతసేపు దాన్ని తగ్గించి ఉంచి, ఆ స్థాయి దాటగానే పూర్తిగా వదిలే పరికరం. ఆ స్థాయి పేరు త్రెషోల్డ్. సిగ్నల్ త్రెషోల్డ్ కిందికి జారిన తరువాత కూడా గేటు ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పేది హోల్డ్. మూసుకున్నప్పుడు ధ్వనిని ఎన్ని డెసిబెల్స్ తగ్గించాలో చెప్పేది రేంజ్. వీటికి తోడు తెరుచుకునే వేగానికి ఎటాక్, మూసుకునే వేగానికి రిలీజ్ ఉంటాయి. డ్రమ్ సెట్టులో ఒక్కో వాద్యానికి ఒక్కో మైకు పెట్టినప్పుడు, టామ్ కోసం పెట్టిన మైకులోకి స్నేర్, సింబల్, హై-హ్యాట్ శబ్దాలు కూడా చొరబడతాయి. సౌండ్ ఇంజనీర్లు దీన్నే బ్లీడ్ అంటారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఈ బ్లీడ్‌ను అణచడానికి స్టూడియోల్లోనూ వేదికల మీదా గేటును విరివిగా వాడుతున్నారు.

గేటు వెనకున్న ఆలోచన డ్రమ్ముల కోసం పుట్టింది కాదు. 1930ల ఆరంభంలోనే సినిమా ధ్వని ముద్రణలో, మాటలు లేని చోట ఫిల్మ్ గరగర వినపడకుండా చేసే ఏర్పాట్లు వచ్చాయి. ప్రసారం లేనప్పుడు హోరును ఆపే స్క్వెల్చ్ రేడియోల్లో చేరింది.

డ్రమ్ములకు గేటు అవసరం మైకులు దగ్గరికి జరిగాకే ఏర్పడింది. 1966లో లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో జెఫ్ ఎమెరిక్ బీటిల్స్ బృందపు డ్రమ్మర్ రింగో స్టార్ కిక్ డ్రమ్‌కు బాగా దగ్గరగా మైకు పెట్టారు. 1970ల నాటికి పదహారు, ఇరవైనాలుగు ట్రాకుల టేపులు రావడంతో ఒక్క డ్రమ్ సెట్టుకే ఏడెనిమిది మైకులు, వాటికి విడివిడి ట్రాకులు కేటాయించే వీలు కలిగింది. మైకులు పెరిగిన కొద్దీ బ్లీడ్ పెరిగింది. పాట మొత్తం మీద మూడు టామ్‌లను మోగించేది కొద్దిసార్లే అయినా, ఆ మూడు మైకులూ పాట పొడవునా తెరిచే ఉంటాయి. మూడింటిలోనూ ఒకే సింబల్ శబ్దం ఒకే స్థాయిలో పడి కలిస్తే అది సుమారు 5 డెసిబెల్స్ పెరుగుతుంది. పైగా పెరిగేది స్వచ్ఛమైన సింబల్ కాదు. ధ్వని మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఓవర్‌హెడ్ మైకును చేరిన సింబల్ శబ్దమే వేరే క్షణంలో టామ్ మైకునూ చేరుతుంది. రెండూ కలిసేటప్పుడు కొన్ని పౌనఃపున్యాలు బలపడి కొన్ని చచ్చిపోతాయి. వినేవారికి అది బోలుగా, మసకగా తోస్తుంది.

ఈ అవసరానికి స్టూడియోల్లో బాగా స్థిరపడిన తొలి సాధనం కెపెక్స్. పాల్ బఫ్ స్థాపించిన అలిసన్ రీసెర్చ్ సంస్థ 1970ల తొలినాళ్లలో దీన్ని తెచ్చింది. కీయబుల్ ప్రోగ్రామ్ ఎక్స్‌పాండర్ అన్నది పూర్తి పేరు. బఫ్ కాలిఫోర్నియాలోని కుకమోంగాలో పాల్ అనే స్టూడియో నడిపి, 1964లో దాన్ని ఫ్రాంక్ జప్పాకు అప్పగించిన ఇంజనీరు. పేరులోని ‘కీయబుల్’ ముఖ్యమైన సంగతి చెబుతుంది: గేటును తెరిచే సిగ్నల్, గేటు గుండా పోయే సిగ్నల్ ఒకటే కానక్కరలేదు. తరువాత వచ్చిన మంచి గేట్లన్నీ ఈ సదుపాయాన్ని కొనసాగించాయి.

త్రెషోల్డ్ అంటే ఏమిటో చెవికి తెలిపే ప్రసిద్ధ ఉదాహరణ డ్రమ్ములది కాదు, ఒక గాత్రానిది. 1977లో బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో డేవిడ్ బౌవీ ‘హీరోస్’ పాడుతుండగా నిర్మాత టోనీ విస్కాంటి మూడు మైకులు పెట్టారు. ఒకటి నోటికి దాదాపు 9 అంగుళాల దూరంలో, రెండోది సుమారు 20 అడుగుల దూరంలో, మూడోది సుమారు 50 అడుగుల దూరంలో ఉన్నాయి. దూరపు మైకులు రెండింటికీ గేట్లు బిగించారు. బౌవీ నెమ్మదిగా పాడినంతసేపు అవి మూసుకునే ఉన్నాయి. గొంతు పెంచే కొద్దీ మొదట రెండోది, ఆపైన మూడోది తెరుచుకుని హాలు ప్రతిధ్వనిని లోనికి వదిలాయి.

డ్రమ్ముల విషయంలో గేటు పేరు మారుమోగింది 1980లో. పీటర్ గాబ్రియేల్ మూడో ఆల్బమ్ ముద్రణ సమయంలో లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తున్నారు. ఇంజనీరు హ్యూ ప్యాడ్గమ్. అక్కడి ఎస్ఎస్ఎల్ కన్సోల్‌లో, లోపలి కళాకారుల మాటలు వినడానికి ఏర్పరచిన లిజన్ మైకుకు చాలా గట్టి కంప్రెసర్ ఉండేది. ఆ మైకు గుండా డ్రమ్ములు వినిపించినప్పుడు గది మొత్తం ఉరిమినట్టయింది. ఆ ధ్వనిని గేటు గుండా పంపి, ప్రతిధ్వని సహజంగా తగ్గకముందే తెగ్గొట్టారు. ‘ఇంట్రూడర్’ పాటలో వినిపించేది అదే. మరుసటి సంవత్సరం ఫిల్ కాలిన్స్ ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ దాన్ని ప్రపంచమంతటికీ చేర్చింది. ఈ కథలో తరచు మరుగున పడే వివరం ఒకటుంది: ఆ ఆల్బమ్‌లో సింబల్స్ వాడవద్దని గాబ్రియేల్ పట్టుబట్టారు. సింబల్ లేదు కనుకే గేటు ఎంత కఠినంగా మూసుకున్నా కోత అసహ్యంగా వినపడలేదు. మామూలు డ్రమ్ సెట్టులో అదే సెట్టింగు పెడితే, గేటు తెరుచుకున్న ప్రతిసారీ సింబల్ ఒక్కసారిగా పైకెగసి, మూసుకోగానే మాయమవుతుంది.

1982లో బ్రిటన్‌కు చెందిన డ్రామర్ సంస్థ తెచ్చిన డీఎస్201 ఈ పరికరాన్ని పరిణతికి చేర్చింది. రెండు గేట్లున్న ఈ చక్కని పెట్టెలో త్రెషోల్డ్, ఎటాక్, హోల్డ్, రిలీజ్ పని చేసే డికే, రేంజ్ అన్నిటికీ వేర్వేరు నాబ్‌లున్నాయి. వాటికి తోడు కీ ఫిల్టర్లు ఇచ్చారు. గేటు వినే సిగ్నల్‌లోంచి ఎక్కువ పౌనఃపున్యాలను కోసేస్తే, హై-హ్యాట్ ఎంత మోగినా టామ్ గేటు తెరుచుకోదు. బయటికి వెళ్లే ధ్వని మాత్రం కోతపడకుండా పూర్తిగా వెళుతుంది. లైవ్ సౌండ్ సంస్థల ర్యాకుల్లో ఏళ్ల తరబడి ఈ పెట్టె కనిపించేది.

మూడు సెట్టింగులూ కలిసి ఎలా పనిచేస్తాయో ఒక ఫ్లోర్ టామ్ ద్వారా చూడవచ్చు. డిజిటల్ మీటరు మీద గట్టి దెబ్బ −8 డెసిబెల్స్ దగ్గర, పాటలోని అతి మెల్లని టామ్ దెబ్బ −16 దగ్గర పడుతున్నాయనుకుందాం. అదే మైకులో క్రాష్ సింబల్ బ్లీడ్ −22, స్నేర్ బ్లీడ్ −24. త్రెషోల్డ్‌కు దొరికే చోటు −16కూ −22కూ మధ్య ఉన్న 6 డెసిబెల్సే. −19 దగ్గర పెడితే రెండు వైపులా మూడేసి మిగులుతాయి. ఈ సందు ఇంకా చిన్నదైతే గేటు నాబ్‌లతో కుస్తీ పట్టే బదులు మైకును కదపాలి. మైకు వెనుక భాగం, అంటే తక్కువ వినే వైపు, సింబల్‌కు ఎదురయ్యేలా తిప్పితే బ్లీడ్ కొన్ని డెసిబెల్స్ దిగుతుంది. కీ ఫిల్టర్‌తో సింబల్‌ను గేటుకు వినపడకుండా చేసినా సందు పెరుగుతుంది.

త్రెషోల్డ్ ఒక్కటే ఉంటే దెబ్బ మొదలు వినపడుతుంది, తోక తెగిపోతుంది. ఈ టామ్ నాదం 150 మిల్లీసెకన్లలోనే −19 కిందికి వచ్చేస్తుందనుకుందాం, కానీ చెవికి అది ఇంకా అరసెకను దాకా మోగుతూనే ఉంటుంది. ఆ మిగిలిన నాదాన్ని కాపాడేది హోల్డ్. 150 మిల్లీసెకన్ల హోల్డ్, ఆపై 250 మిల్లీసెకన్ల రిలీజ్ పెడితే దెబ్బ పడిన తరువాత సుమారు 550 మిల్లీసెకన్లకు గేటు పూర్తిగా మూసుకుంటుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీటు 500 మిల్లీసెకన్లు. అంటే టామ్ ఒక బీటు పొడవునా మోగి, తరువాతి బీటు మొదట్లోనే తప్పుకుంటుంది.

హోల్డ్‌కు మరో పని కూడా ఉంది. 80 హెర్ట్జ్ నాదమిచ్చే టామ్‌లో ఒక తరంగానికి 12.5 మిల్లీసెకన్లు పడుతుంది. హోల్డ్, రిలీజ్ రెండూ అంతకంటే బాగా తక్కువైతే, గేటు ఒక్కో తరంగపు ఎగుడుదిగుళ్లనే దెబ్బలనుకుని తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. దీన్ని చాటరింగ్ అంటారు. నాదం అంత్యంలో చిరు గరగర వినిపించడం, గేటు లైటు ఒక్క దెబ్బకే అనేకసార్లు మిణుకుమనడం దీని గుర్తులు. తెరుచుకునే స్థాయి కంటే మూసుకునే స్థాయిని కొన్ని డెసిబెల్స్ కిందికి పెట్టే హిస్టెరిసిస్ అన్న ఏర్పాటు కూడా ఈ జబ్బుకు మందే. హోల్డ్ మరీ పెరిగితే ఇబ్బంది మరో విధంగా ఉంటుంది: టామ్ నాదం అయిపోయాక కూడా గేటు తెరిచే ఉండి, వెంటనే పడిన స్నేర్ దెబ్బ దాని గుండా వచ్చేస్తుంది.

రేంజ్ విషయంలో తరచు జరిగేది అతి. పూర్తిగా మూసుకునేలా 60, 80 డెసిబెల్స్ పెట్టడం కొత్తవారికి సహజంగా తోస్తుంది. మైకును ఒంటరిగా వింటే దెబ్బల మధ్య నిశ్శబ్దం ముచ్చటగానే ఉంటుంది. సెట్టు మొత్తం మోగినప్పుడు మాత్రం టామ్ కొట్టిన ప్రతిసారీ సింబల్ రంగు మారిపోతుంది. పై ఉదాహరణలో రేంజ్ 12 డెసిబెల్స్ చాలు. −22 దగ్గరున్న క్రాష్ −34కు దిగుతుంది, అంటే దాని వోల్టేజీ నాలుగో వంతవుతుంది. ఓవర్‌హెడ్ మైకుల్లోని అసలు సింబల్ ముందు ఆ మిగిలిన కొంచెం లెక్కలోకి రాదు. గేటు తెరుచుకున్నప్పుడు కూడా మార్పు 12 డెసిబెల్సే కనుక సెట్టు మొత్తం మోగుతుండగా చెవి దాన్ని తేలిగ్గా పట్టుకోదు.

స్నేర్ దగ్గర గేటుకు పరిమితి ఎదురవుతుంది. స్నేర్ మీద వేళ్లతో తట్టినంత మెల్లగా పడే ఘోస్ట్ నోట్లు −30 దగ్గర ఉండి, అదే మైకులో హై-హ్యాట్ బ్లీడ్ −27 దగ్గర ఉంటే, స్థాయిని బట్టి రెండింటినీ వేరుచేసే త్రెషోల్డ్ ఉండదు. ఎక్కడ పెట్టినా ఘోస్ట్ నోట్లు పోతాయి, లేదా హై-హ్యాట్ గేటును తెరుస్తుంది. ఇటువంటప్పుడు రేంజ్‌ను 6 డెసిబెల్స్ లోపు ఉంచడమో, గేటు తీసేయడమో మేలు. మరొక పరిమితి అన్ని డ్రమ్ములకూ వర్తిస్తుంది: గేటు తెరిచి ఉన్నంతసేపు బ్లీడ్ కూడా లోపలికి వస్తుంది. దెబ్బతోపాటే మోగిన సింబల్‌ను గేటు ఏమీ చేయలేదు.

1990ల నుంచి గేటు విడి పెట్టెగా కాక డిజిటల్ కన్సోల్‌లలో భాగంగానే రాసాగింది. 1995లో వచ్చిన యమహా 02ఆర్ డిజిటల్ మిక్సర్‌లో ప్రతి చానల్‌కూ డైనమిక్స్ ఉంది. 2012లో వచ్చిన బెరింగర్ ఎక్స్32తో ఈ సౌకర్యం చిన్న సౌండ్ సిస్టమ్‌ల వారికీ అందింది. కంప్యూటర్‌లోని గేట్లు లుక్-అహెడ్ సాయంతో సిగ్నల్‌ను కొన్ని మిల్లీసెకన్లు ముందుగా చూసి, దెబ్బ మొదలు తెగకుండా తెరుచుకోగలవు. అందుకు ధ్వనిని అంతసేపు ఆలస్యంగా పంపాలి. వేదిక మీద ఆ ఆలస్యం కళాకారులకు ఇబ్బంది కనుక అక్కడ లుక్-అహెడ్‌ను అతి తక్కువగానే వాడతారు. స్టూడియోలో చాలామంది ఇంజనీర్లు టామ్ ట్రాకులకు గేటు పెట్టడం మానేసి, దెబ్బలు లేని భాగాలను తెర మీద చూసుకుంటూ చేత్తోనే కత్తిరిస్తున్నారు. టామ్ దెబ్బలు పాట మొత్తం మీద కొద్దిగానే ఉంటాయి కాబట్టి ఇది అంత పెద్ద పనేమీ కాదు, తప్పుగా తెరుచుకునే గేటు బెడదా ఉండదు. అలా చేత్తో కత్తిరించే వీలు లేని లైవ్ సౌండ్‌లోనే నేడు డ్రమ్ గేటు అవసరం ఎక్కువగా ఉంది.