పదహారు మడతల పరదా

మా మేనమామ పెళ్లి ఫోటో 1981లో తీసింది. మైదుకూరు పక్కన మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, పందిరి కింద రెండు చెక్క కుర్చీలు వేసి, వెనక ఒక పరదా కట్టి తీశారు. ఎనిమిది అంగుళాలకు ఆరు అంగుళాల బ్రోమైడ్ ప్రింటు. మామ ముఖం బాగుంది, అత్త ముఖం ఇంకా బాగుంది. చూసేవాళ్ల కన్ను మాత్రం ముందు పరదా మీదికే పోతుంది. మూడు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు, కిటికీ ఊచల్లాగా. మూడో అడ్డగీత మనుషుల వెనక దాగి ఉంది. పెద్దది చేయించి గోడకు పెడదాం, ఆ గీతలు తీసెయ్యి అని మా అత్త కొడుకు నాకు ఇచ్చాడు.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. మన భాషలో ముడత వేరు, మడత వేరు. ముడత దానంతటదే పడుతుంది, దానికి వరసా వాయీ ఉండదు. మడత మనిషి వేసింది, దానికి లెక్క ఉంటుంది. స్టూడియోలో గుడ్డను కర్రకు చుట్టి పైన వేలాడదీస్తారు కాబట్టి అక్కడ తీసిన ఫోటోల్లో ముడతలే కనిపిస్తాయి. పెళ్లిళ్లకు బస్సెక్కి వచ్చిన పరదాకు మడతలు ఉంటాయి. పాత ఫోటో చేతికొచ్చినప్పుడు, అది స్టూడియోలో తీసిందా, ఇంటి దగ్గర తీసిందా అని ఈ గీతల్ని బట్టి చాలాసార్లు చెప్పేయొచ్చు.

స్టూడియో పరదాకు మన దగ్గర పెద్ద వంశమే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ నాటికే, రంగులు పూసిన తెర ముందు మనిషిని నిలబెట్టి ఫోటో తీయడం దేశమంతటా మామూలైపోయింది. తెర మీద స్తంభాలు, మెట్లు, తోటలు. ఆ తరం వాడినవి గాజు పలకల నెగిటివులు. పలక పెద్దది, పెన్సిల్‌కు అందుతుంది. నెగిటివ్ మీద అలా పెన్సిల్‌తో చేసే సవరింపునే మన స్టూడియోల్లో ‘టచింగ్’ అంటారు. మ్యూనిక్‌కు చెందిన ఫ్రాంజ్ హాన్ఫ్‌స్టేంగ్ల్ 1855లో పారిస్ ప్రదర్శనలో టచింగ్ చేసిన ఫోటోలు చూపించి జనాన్ని ఆశ్చర్యపరిచాడని చరిత్ర పుస్తకాలు చెబుతాయి.

నెగిటివ్ టచింగ్‌లో ఒక చిక్కుంది. పెన్సిల్ గీస్తే నెగిటివ్ మీద ఆ చోటు నల్లబడుతుంది, ప్రింటులో అదే చోటు తెల్లబడుతుంది. అంటే ప్రింటులో నల్లగా కనిపించే నీడను పెన్సిల్‌తో పూడ్చొచ్చు. తెల్లగా మెరిసే గీతను పూడ్చడానికి పెన్సిల్ పనికిరాదు. సన్నటి కత్తితో నెగిటివ్‌ను గీకాలి, చెయ్యి జారితే నెగిటివ్ పోయినట్టే. లేదంటే ప్రింటు వేశాక కుంచెతో చుక్క చుక్కగా రంగు అద్దాలి. గుడ్డ మడతలో ఎప్పుడూ ఒక పక్క మెరుపు, ఇంకో పక్క నీడ ఉంటాయి. పెన్సిల్ పట్టినవాడికి సగం మడతే లొంగేది. అందుకే చాలామంది ఆ తంటా పడకుండా నెగిటివ్ మీద బ్యాక్‌గ్రౌండ్ మొత్తానికీ ఎర్ర రంగు పూసేవాళ్లు. వెలుతురు ఆ రంగును దాటదు కాబట్టి ప్రింటులో మనిషి వెనక తెల్లటి కాగితమే మిగిలేది.

రోల్ ఫిలిం వచ్చాక నెగిటివ్ చిన్నదైపోయింది, పెన్సిల్‌కు చోటు లేకుండా పోయింది. పని ఎన్‌లార్జర్ కిందికి మారింది. అట్టముక్కను తీగకు గుచ్చి, ప్రింటు పడుతున్నప్పుడు ఒక చోట వెలుతురుకు అడ్డం పెడితే అది డాడ్జ్. అక్కడ కాగితం తెల్లగా మిగులుతుంది. రెండు చేతుల మధ్య సందు చేసి ఒక చోటికే ఎక్కువ వెలుతురు పంపితే అది బర్న్. అక్కడ కాగితం నల్లబడుతుంది. చెయ్యి అల్లాడుతూనే ఉండాలి, ఒకచోట ఆగితే అంచు పడుతుంది. 1990 ఫిబ్రవరిలో ఫోటోషాప్‌ను బయటికి తెచ్చిన థామస్, జాన్ నోల్ సోదరుల ఇంట్లో వాళ్ల నాన్నకు డార్క్ రూము ఉండేది. ఆ సాఫ్ట్‌వేర్‌లో డాడ్జ్ గుర్తు పుల్లకు గుచ్చిన నల్ల బిళ్ల, బర్న్ గుర్తు సందు చేసిన చెయ్యి. ఎన్‌లార్జర్ ముఖం చూడని కుర్రాళ్లు డాడ్జ్ గుర్తును లాలీపాప్ అనుకుంటారు. తప్పు వాళ్లది కాదు.

ఇక మా మామ పరదా.

ప్రింటును 600 డీపీఐలో, 16 బిట్‌లో స్కాన్ చేశాను. 4800 పిక్సెళ్ల వెడల్పు వచ్చింది. 8 బిట్‌లో చేసి ఉంటే, బూడిద రంగు పరదాను కాస్త కాస్తగా తేలుస్తూ, ముదురుస్తూ పోయాక మెట్లు మెట్లుగా చారలు పడేవి. మడత గీత ప్రింటు మీద సుమారు రెండు మిల్లీమీటర్లు, స్కాన్‌లో 47 పిక్సెళ్లు.

మొదటిరోజు అందరూ చేసే తప్పే నేనూ చేశాను. క్లోన్ స్టాంపు తీసుకుని, Alt నొక్కి పక్కన ఉన్న శుభ్రమైన గుడ్డను పట్టి, గీత మీద కొట్టుకుంటూ పోయాను. గంటలో గీతలు మాయమయ్యాయి. దూరంగా జరిగి చూస్తే పరదా మా అవ్వ కుట్టిన బొంతలాగా ఉంది. వెలుతురు ఎడమ పైనుంచి పడుతోంది. అందువల్ల పరదా ఎడమ పక్క తేటగా ఉండి, కుడి పక్కకు పోయేకొద్దీ ముదురుతుంది. నేను ఒక చోటి గుడ్డను ఇంకో చోట పెట్టాను, దానితో పాటు ఆ చోటి వెలుతురూ వచ్చి కూర్చుంది. పైగా స్టాంపు బలాన్ని 30 శాతానికి తగ్గించి నాలుగైదు సార్లు కొట్టాను, మెత్తగా కలిసిపోతుందని. కలవడం కాదు, ముద్దయింది. రెండు చోట్ల ఫిలిం రవ్వను సగం సగం కలిపితే రెండూ చెరిగిపోతాయి. చుట్టూ ఫిలిం రవ్వ గరగరలాడుతుంటే మధ్యలో నున్నటి పట్టీ, వెన్న రాసినట్టు.

ఆ పని పక్కన పెట్టి మళ్లీ మొదటికొచ్చాను. మడతలో గుడ్డ ఎక్కడికీ పోలేదు, నేత అక్కడే ఉంది. దాని మీద పడిన వెలుతురే తేడా. గుడ్డను మార్చాల్సిన పనిలేదు, వెలుతురును సరిచేస్తే చాలు. అసలు చిత్రం మీద చెయ్యి పెట్టకుండా, పైన సగం బూడిద నింపిన పొర ఒకటి వేసి దాన్ని Soft Light లో పెట్టాను. ఆ పొర మీద తెల్ల బ్రష్ రాస్తే కింద చిత్రం తేలుతుంది, నల్ల బ్రష్ రాస్తే ముదురుతుంది. నచ్చకపోతే బూడిద పూస్తే సరి. బ్రష్ అంచు మెత్తగా, వెడల్పు గీతకు కాస్త తక్కువగా, 40 పిక్సెళ్లు; ఒక్కో రాతకు బలం నాలుగు శాతం. ఒకే దెబ్బకు తీసెయ్యాలనుకుంటే మడత పోయి మచ్చ వస్తుంది. ఆరేడు రాతలకు సమం అయితే, అది ఎవరి కంటికీ ఆనదు.

రాస్తుంటేనే ఒక సంగతి బయటపడింది. ఎడమ పక్క నిలువు గీతకు ఎడమ అంచు మెరుపు, కుడి అంచు నీడ. అంటే అక్కడ గుడ్డ మనవైపు ఉబ్బింది. కుడి పక్క నిలువు గీతకు అంతా తలకిందులు: ఎడమ అంచు నీడ, కుడి అంచు మెరుపు. అక్కడ గుడ్డ లోపలికి పోయింది. నిలువు గీతలు పై నుంచి కింది దాకా ఇదే తీరులో ఉన్నాయి. అడ్డగీతలు అలా లేవు. ఒక గడిలో మెరుపు పైన, నీడ కింద ఉంటే, నిలువు గీత దాటగానే మెరుపు కింద, నీడ పైన. మళ్లీ దాటితే మళ్లీ మార్పు. ఇది తెలియకుండా అడ్డగీత పొడుగునా ఒకే వరసలో తెల్ల బ్రష్ లాగితే, రెండు గడులకు ఒక గడిలో మడత తగ్గడానికి బదులు ఇంకా లేచి కూర్చుంటుంది. నాకు అలాగే లేచింది. అక్కడి నుంచి ప్రతి గడి దగ్గరా ఆగి, మెరుపు ఏ పక్క ఉందో చూసుకుని, నలుపూ తెలుపూ మార్చుకుంటూ పోయాను.

వెలుతురు సమం అయ్యాక, గీత నడుమ పది పిక్సెళ్ల సన్నటి నల్లదారం మిగిలింది. అక్కడ నీడ ఎంత ముదురంటే లోపల రవ్వే లేదు, తేల్చినా బూడిద చారే వస్తోంది. క్లోన్‌కు ఇక్కడ పని. చుట్టుపక్కల వెలుతురు అప్పటికే సమం కాబట్టి, పక్కనే ఉన్న గుడ్డను పూర్తి బలంతో, అంచు మరీ మెత్తగా కాకుండా, స్టాంపు మోడ్‌ను Lighten లో పెట్టి కొట్టాను. ఆ మోడ్‌లో తనకంటే నల్లగా ఉన్న పిక్సెళ్లనే స్టాంపు మారుస్తుంది, తేటగా ఉన్న రవ్వ జోలికి పోదు. ఒక చోట ఒక్కసారే కొట్టాలి. రెండోసారి వేరే చోటి నుంచి తెచ్చి కొడితే, ఉన్నవాటిలో తెల్లవే మిగిలి, నల్లదారం ఉన్నచోట తెల్లదారం తేలుతుంది. ఒకే చుక్కను పక్కపక్కన రెండుసార్లు దించినా దొరికిపోతాం, కన్ను కవలల్ని ఇట్టే పట్టేస్తుంది.

అత్త తల వెనక నుంచి ఒక నిలువు గీత పోతుంది. అక్కడ హీలింగ్ బ్రష్ పెడితే కుదరలేదు. 2002లో ఫోటోషాప్ ఏడో వెర్షన్‌తో వచ్చిన ఆ బ్రష్ చుట్టూ ఉన్న రంగును లాక్కుని కలుపుతుంది, కాబట్టి జడలోని నలుపు పరదా మీదికి మసిలాగా పాకింది. జుట్టు అంచు దగ్గర చిన్న స్టాంపుతోనే చేశాను. కుర్చీల వెనక పరదా మీద పడిన మనుషుల నీడల్ని మాత్రం ముట్టలేదు. అవి మడతలు కావు. అవి తీసేస్తే మామా అత్తా కుర్చీలతో సహా గాల్లో తేలుతారు.

చివర్లో పరీక్షకు, పైన ఒక కర్వ్స్ పొర వేసి కాంట్రాస్ట్ విపరీతంగా పెంచాను. మామూలుగా కనిపించని దొంగలంతా అందులో బయటపడతారు. రెండు గడులు కొంచెం ముదురుగా ఉన్నాయి, సరిచేసి పొర తీసేశాను.

కొత్త ప్రింటునూ పాత ప్రింటునూ పట్టుకుని మైదుకూరులో ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ప్రొద్దుటూరులో పని నేర్చుకుని, నలభై ఏళ్లు ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫోటోలు తీసిన మనిషి. కళ్లజోడు పైకి తోసి కొత్తదాన్ని చూశాడు.

“బాగా చేసినావ్. పరదా ఇస్త్రీ చేసినట్టుంది.” పాతదాన్ని దగ్గరికి తీసుకున్నాడు. “ఇదీ మా కాలం పరదా.”

“పెద్దనాయనా, దీన్ని ముందు నిలువుగా మడిచి, తర్వాత అడ్డంగా మడిచినారా?”

“నీకెట్ల తెలుసు?”

నిలువు గీతలు పొడుగునా ఒకే తీరుగా ఉన్నాయని, అడ్డగీతలు గడి గడికీ తిరగబడ్డాయని చూపించాను. గుడ్డను నిలువుగా ముందే మడిచేస్తే పొరలు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిరిగి ఉంటాయి. దాన్ని అడ్డంగా మడిచినప్పుడు ఒక పొర ఉబ్బితే పక్క పొర లోపలికి పోతుంది.

ఆయన మాట్లాడలేదు. భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పరిచాడు. నిలువుగా రెండు మడతలు, అడ్డంగా రెండు మడతలు వేసి, అరచేత్తో గట్టిగా అదిమి మళ్లీ విప్పాడు. కిటికీ వెలుతురుకు పట్టి, గడి గడి మీదా వేలు పెట్టి చూసుకున్నాడు.

“పదారు గడులు,” అన్నాడు. “ఇన్ని మడతలేయకపోతే ట్రంకులో కెమెరా పక్కన పట్టేది కాదు, నాయనా. ట్రంకు బస్సు పైన, నేను బస్సు లోపల. ఊరికి పోయేలోగా ఇస్త్రీ ఎవరు జేస్తారు?”

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.