చవక షేరు, ఎదిగే షేరు: రెండు బడుల వంతులాట

2000 మార్చి 10న టెక్నాలజీ కంపెనీలతో నిండిన నాస్‌డాక్ సూచీ 5,048 దగ్గర ముగిసింది. మళ్లీ ఆ ఎత్తు చూడడానికి 15 ఏళ్లు పట్టింది. సరిగ్గా అదే రోజు వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ హాథవే షేరు 41 వేల డాలర్ల కిందికి జారింది. రెండేళ్లు కూడా కాలేదు, అదే షేరు 70 వేలకు పైగా పలికింది. రెండు బడుల పోటీలో ఇంత కచ్చితంగా తేదీ చెప్పగలిగిన మలుపు మరొకటి లేదు.

మొదటి బడి బఫెట్ గురువు బెంజమిన్ గ్రాహమ్‌ది. 1929 పతనంలో గట్టి దెబ్బ తిన్న ఆయన, 1934లో డేవిడ్ డాడ్‌తో కలిసి ‘సెక్యూరిటీ అనాలిసిస్’ రాశాడు. ఆయన లెక్క కిరాణా కొట్టు లెక్కంత సాదా. కంపెనీ చేతిలోని నగదు, సరుకు, రావలసిన బాకీలు కలపాలి. అందులోంచి అప్పులన్నీ తీసేయాలి. షేరుకు 30 డాలర్లు మిగిలితే 20కి మించి పెట్టకూడదు. ఫ్యాక్టరీ, స్థలం ఉచితంగా వచ్చినట్టే. ఆ పది డాలర్ల తేడా మన అంచనా తప్పితే కాపాడే దన్ను.

రెండో బడి కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. బాల్టిమోర్‌లో టి. రో ప్రైస్, ఏటేటా లాభం పెరిగే కంపెనీలను పట్టుకుని కూర్చోమన్నాడు. 1958లో ఫిలిప్ ఫిషర్ దానికి పద్ధతి చెప్పాడు: ఖాతా పుస్తకాలతో ఆగకుండా పోటీదారులనూ, సరుకిచ్చేవాళ్లనూ, కొనేవాళ్లనూ అడగాలి. మన ఇళ్లలో పెళ్లి సంబంధం కుదిరేముందు చేసే వాకబు లాంటిదే. ఈ రెంటి మధ్య గోడ అంత గట్టిదేమీ కాదు. గ్రాహమ్ సంస్థ 1948లో గీకో అనే బీమా కంపెనీలో సగం కొంది. అది ఎదుగుతూ పోయి, ఆయన మిగతా పెట్టుబడులన్నీ కలిపి ఇచ్చినదానికన్నా ఎక్కువ ఇచ్చింది.

ఎదుగుదల బడికి మొదటి పెద్ద దెబ్బ 1973-74లో తగిలింది. అంతకుముందు పోలరాయిడ్, జిరాక్స్, ఏవాన్ వంటి ఓ యాభై షేర్లను ఒకసారి కొంటే ఇక అమ్మే పనే లేదనేవారు. పోలరాయిడ్ ఏడాది లాభానికి 90 రెట్లకు పైగా పలికింది. అలాంటి షేరులో లాభం తగ్గనక్కర్లేదు, పెరిగే వేగం తగ్గితే చాలు. జనం 90 రెట్లకు బదులు 15 రెట్లే ఇస్తామంటే, లాభం పైసా తగ్గకపోయినా ధర ఆరో వంతుకు పడుతుంది. 149 డాలర్ల పోలరాయిడ్ 1974లో 14కు వచ్చింది.

ధర మితిమీరడం వంతు మార్చే ఒక శక్తి అయితే, రెండో శక్తి వడ్డీ. ఎదిగే కంపెనీ లాభాలు ఎక్కువగా దూరపు ఏళ్లలో ఉంటాయి. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే 100 రూపాయల నేటి విలువ 3 శాతం వడ్డీ దగ్గర సుమారు 55, 7 శాతం దగ్గర 26. రెండేళ్లలో వచ్చే 100 మాత్రం 94 నుంచి 87కే తగ్గుతుంది. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీని దాదాపు సున్నా నుంచి 4 శాతం పైకి తెచ్చింది. ఆ ఏడాది నాస్‌డాక్ మూడో వంతు పడింది. చవక షేర్లు అంతకన్నా చాలా తక్కువ నష్టంతో బయటపడ్డాయి.

ఇంతమాత్రాన మలుపును ముందే పట్టేయవచ్చనుకోకూడదు. ఖరీదైనది ఇంకా ఖరీదు కావచ్చు, మదుపరులు అంతవరకూ ఆగరు. జూలియన్ రాబర్ట్‌సన్ టైగర్ ఫండ్ ఒకప్పుడు రెండు వేల కోట్ల డాలర్లకు పైగా నడిపింది. టెక్ షేర్ల వెర్రిలో దిగనని ఆయన భీష్మించాడు. నష్టాలొచ్చాయి, ఖాతాదారులు డబ్బు వెనక్కి లాక్కున్నారు. 2000 మార్చి 30న ఫండ్ మూసేశాడు. ఆయన లెక్క సరైనదే. శిఖరం దాటి అప్పటికి ఇరవై రోజులే.

చవక బడికి తన కష్టాలు తనకున్నాయి. 2007 తర్వాత పదేళ్లకు పైగా అది వెనకబడింది. తక్కువ వడ్డీ ఒక కారణం. రెండోది లెక్కల పుస్తకాలది: ఫ్యాక్టరీ కడితే ఆస్తి అంటారు, సాఫ్ట్‌వేర్ పరిశోధనకు పెట్టిన డబ్బును చాలావరకు ఖర్చు కింద రాసేస్తారు. ఆస్తుల విలువతో చవక కొలిచేవాడికి టెక్ కంపెనీలు ఎప్పుడూ ఖరీదుగానే కనబడ్డాయి. పైగా కొన్ని షేర్లు చవకగా ఉండేది వ్యాపారం చస్తున్నందుకే. లాభం ఏటా తగ్గుతూ అప్పు పెరుగుతుంటే అది చవక కాదు, ఉచ్చు.

ఎదుగుదల బడి పొరపాటుకు మాత్రం సిస్కోను మించిన రుజువు నాకు కనబడలేదు. 2000 మార్చిలో అది ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీ, షేరు 80 డాలర్లు. తర్వాత పాతికేళ్లలో దాని అమ్మకాలు మూడింతలయ్యాయి. షేరు ఆ 80ని దాటి ముగిసింది 2025 డిసెంబరులో.