మంచం ఇంట్లోనే వేశారు

దెందులూరులో ఓ ఇల్లు ఊహించుకోండి. చేపల చెరువు పనికి వెళ్ళే తండ్రికి మూడు వారాలుగా దగ్గు, తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. ఇంట్లో భార్య, తల్లి, నాలుగేళ్ళ పిల్లాడు. "చిన్నపిల్లాడున్న ఇల్లు కదా, ఆయన్ని ఎక్కడికైనా పంపేయొద్దా?" అని పక్కింటివాళ్ళు అడుగుతారు. తెలివితక్కువ ప్రశ్నేం కాదు. 1950ల దాకా డాక్టర్లూ అలాగే అనుకున్నారు. మదనపల్లె దగ్గర 1915లో తెరిచిన ఆరోగ్యవరం శానటోరియం నిలబడింది ఆ నమ్మకం మీదే: మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇంటికి దూరం. చిక్కేమిటంటే దేశంలో రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో.

1956లో మద్రాసులో దీన్ని పరీక్షకి పెట్టారు. బీదవాడల్లోని 193 మంది రోగుల్ని, చీటీలు తీసినట్టు, రెండు గుంపులు చేశారు. సగంమంది శానటోరియంలో, మిగతావాళ్ళు తమ ఇరుకు ఇళ్ళలో. ఇద్దరికీ ఏడాదిపాటు అవే మందులు, ఐసోనియాజిడ్, పాస్. ఇంటివాళ్ళు తిన్నది తక్కువ, పడ్డ కష్టం ఎక్కువ. అయినా ఏడాది చివర శానటోరియంలో నూటికి 92 మంది, ఇంట్లో 86 మంది కోలుకున్నారు.

నాకు దీనికంటే ఆశ్చర్యమనిపించేది ఇంట్లోవాళ్ళ సంగతి. వాళ్ళని ఐదేళ్ళు గమనించారు. రోగి ఇంట్లోనే ఉన్న కుటుంబాల్లో జబ్బు ఎక్కువ రాలేదు. కారణం, మందు మొదలవకముందే, దగ్గుతూ తిరిగిన ఆ వారాల్లోనే, క్రిమి అంటుకునేవాళ్ళకి చాలావరకు అంటుకుపోయింది. మందు పడ్డాక అంటించే శక్తి త్వరగా తగ్గిపోతుంది.

అంటుకోవడం వేరు, జబ్బు పడడం వేరు. మన పిల్లాడి ఒంట్లో క్రిమి నిద్రపోతూ ఉండొచ్చు. అప్పుడు దగ్గుండదు, వాడి నుంచి ఎవరికీ అంటదు. పెద్దల్లో నూటికి ఐదు నుంచి పదిమందిలోనే అది జీవితకాలంలో ఎప్పుడో లేస్తుంది, ఎక్కువగా మొదటి రెండేళ్ళలో. ఐదేళ్ళలోపు పిల్లల్లో ఆ ప్రమాదం చాలా ఎక్కువ. అందుకే తండ్రి పేరు రాసుకున్న రోజే ఇంటిల్లిపాదినీ చూడాలి: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, పిల్లాడైతే బరువు పెరగకపోవడం, అనుమానముంటే ఎక్స్‌రే, తెమడ. జబ్బు లేదని తేలాకే నివారణ మందు, ఆర్నెల్ల ఐసోనియాజిడ్ లాంటిది. ఈ వరస తప్పకూడదు. మేలుకున్న జబ్బుకి ఒక్క మందే ఇస్తే క్రిమి దానికి లొంగకుండా తయారవుతుంది.

ఇక మింగడం. మద్రాసువాళ్ళు చెప్పకుండా ఇళ్ళకెళ్ళి మాత్రలు లెక్కపెట్టారు, మూత్రంలో మందు ఆనవాళ్ళు వెతికారు. కడుపులో తిప్పే పాస్‌ని ఏడాది పాటు మింగడం మాటలా! ఒళ్ళు కాస్త తేలికపడగానే చాలామంది మానేస్తారు. అందుకే 1960ల మొదట్లో అదే కేంద్రం, వారానికి రెండుసార్లు కళ్ళెదుటే మందు ఇచ్చే పద్ధతిని ప్రయత్నించింది. తర్వాత మనకొచ్చిన డాట్స్‌కి వేళ్ళు అక్కడున్నాయి. ఇందులో కాస్త పోలీసుతనం ఉందనే నా అభిప్రాయం. మాత్ర కోసం చెరువు కూలి పోగొట్టుకోవలసి వస్తే, మన తండ్రి మొదట మానేది మాత్రే. చూసే మనిషి అతని వీధిలోనే, పనికి బయల్దేరే వేళకే దొరకాలి.