ఆఫీసులో మీపై తప్పుడు వేధింపు ఫిర్యాదు వస్తే: పది పనిదినాల్లో జవాబు ఎలా తయారుచేసుకోవాలి

ఆఫీసు నుంచి ఒక మెయిల్ వస్తుంది: "మీపై అంతర్గత కమిటీకి ఫిర్యాదు అందింది. కాపీ జత చేశాం. జవాబు ఇవ్వండి." తాను అలాంటి పని చేయలేదని తెలిసిన మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టదు. చాలామంది ఆ కంగారులోనే మొదటి తప్పు చేస్తారు. ఫిర్యాదు చేసిన అమ్మాయికి ఫోన్ చేసి "ఎందుకిలా రాశావ్?" అని అడుగుతారు. ఆ ఫోన్ కాల్‌ని బెదిరింపుగా చూపించడం చాలా తేలిక. కాబట్టి ఆమెకు గానీ ఆమె స్నేహితులకు గానీ ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టకండి. మాట్లాడాల్సింది కమిటీతోనే, అదీ రాతపూర్వకంగా.

చట్టం ఇచ్చే గడువు

పని చేసేచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టాన్ని అందరూ పోష్ చట్టం అంటారు. పది మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి దానికి అధ్యక్షురాలు, బయటి నుంచి ఒక సభ్యుడో సభ్యురాలో ఉంటారు. ఫిర్యాదు అందిన ఏడు పనిదినాల్లో కమిటీ దాని కాపీ మీకు పంపాలి. కాపీ చేతికి వచ్చాక మీ జవాబు, పత్రాల జాబితా, సాక్షుల పేర్లు, చిరునామాలు ఇవ్వడానికి మీకు పది పనిదినాలు ఉంటాయి. కాపీతో పాటు రావాల్సిన జతలు రాకపోతే వెంటనే మెయిల్‌లో అడగండి.

విచారణలో మీ తరఫున వకీలు హాజరు కావడానికి వీల్లేదు. ఇంటి దగ్గర జవాబు రాసుకోవడానికి వకీలు సలహా తీసుకోవచ్చు. అలిగి విచారణకు వెళ్లడం మానేయకండి. సరైన కారణం లేకుండా వరుసగా మూడుసార్లు రాకపోతే, పదిహేను రోజుల ముందు నోటీసు ఇచ్చి, మీరు లేకుండానే కమిటీ నిర్ణయం తీసుకోవచ్చు.

ఒక ఉదాహరణ

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ టీమ్ లీడ్ అనుకుందాం. ఫిర్యాదులో మూడు విషయాలున్నాయి. ఒకటి, ఫలానా శుక్రవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు ప్యాంట్రీలో ఒంటరిగా ఉన్నప్పుడు అసభ్యంగా మాట్లాడాడు. రెండు, రాత్రి పదకొండు దాటాక వాట్సాప్ మెసేజ్ పెట్టాడు. మూడు, టీమ్ లంచ్‌లో ఆమె గురించి చెడ్డ జోకు వేశాడు.

మొదటి ఆరోపణకు అతను క్యాలెండర్ తెరిచాడు. ప్రతి శుక్రవారం ఒంటి గంట నుంచి రెండుంబావు దాకా "జుమా" అని బ్లాక్ చేసి ఉంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ క్యాలెండర్ చెప్పేది ఆ రోజు ఏం చేయాలనుకున్నారనే, నిజంగా ఏం జరిగిందనేది కాదు. వారం వారం దానంతటదే పడే బ్లాక్‌కి విలువ ఇంకా తక్కువ. దానికి తోడు కావాలి. గేటు దగ్గర యాక్సెస్ కార్డు రికార్డులో ఆ రోజు 1:08కి బయటికి, 2:04కి లోపలికి అని ఉంది. తనతో బైక్ మీద మసీదుకు వచ్చిన సహోద్యోగి కార్డు కూడా అదే సమయం చూపిస్తుంది. ఈ మూడూ కలిస్తే బలమైన ఆధారం.

కార్డు రికార్డు మీ చేతిలో ఉండదు. సెక్యూరిటీ వాళ్లను బతిమాలి ఫొటో తీసుకోకండి. పత్రాలు తెప్పించే, సాక్షుల్ని పిలిచే విషయంలో కమిటీకి సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉన్నాయి. "ఫలానా తేదీ, ఫలానా గేటు రికార్డు, ప్యాంట్రీ బయటి కెమెరా ఫుటేజీ భద్రపరచి తెప్పించండి" అని మొదటి రోజే రాయండి. కెమెరా ఫుటేజీ కొన్ని రోజులకే చెరిగిపోతుంది, ఆలస్యం చేస్తే ఇక దొరకదు.

ఇంకో సంగతి. ఆమె తేదీ పొరపాటుగా రాసి ఉండవచ్చు. అందుకే "ఆమె అబద్ధం చెబుతోంది" అని రాయకండి. "ఆ తేదీన ఆ సమయానికి నేను ఆఫీసులో లేను, వేరే ఏ రోజూ ఇలాంటి మాట అనలేదు" అని రాయండి.

మెసేజీలు: మొత్తం ఇవ్వండి

ఫిర్యాదుకు జత చేసిన స్క్రీన్‌షాట్‌లో ఒకే లైన్ ఉంది: రాత్రి 11:40కి "ఇంకా మేలుకునే ఉన్నావా? కాల్ చేయనా?" విడిగా చూస్తే ఎవరికైనా చెడ్డగానే అనిపిస్తుంది. మొత్తం సంభాషణలో 11:32కి ఆమె మెసేజ్ ఉంది: "సార్, బిల్డ్ మళ్లీ ఫెయిల్ అయింది, చూస్తారా?" 11:41కి "చేయండి" అని జవాబు. ఆ తర్వాత కాల్‌లో ఇంకో ఇద్దరు ఇంజినీర్లు కూడా చేరారు.

వాట్సాప్ చాట్‌లో మెనూ తెరిచి `Export chat` నొక్కితే మొత్తం సంభాషణ తేదీ, సమయంతో ఫైల్‌గా వస్తుంది. ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి, ఒక్క మెసేజ్ కూడా తీసేయకండి. అసలు ఫోన్ చూపించమని కమిటీ అడగవచ్చు. ఆఫీసు మెయిల్స్‌ని సొంత మెయిల్‌కి పంపుకోకండి. అది కంపెనీ డేటా నిబంధనల ఉల్లంఘన అయి మరో కేసు మెడకు చుట్టుకోవచ్చు. తేదీ, సబ్జెక్టు రాసి, సర్వర్ నుంచి తెప్పించమని కమిటీని అడగండి.

అదే చాట్‌లో ఒక ఆదివారం అతను ఆమెకు పంపిన ఫార్వర్డ్ జోకు ఉంది. అసభ్యమైనది కాదు, కానీ పనికి సంబంధించినదీ కాదు. అది దాచాలనిపిస్తుంది. ఆమె ఫోన్‌లోనూ అది ఉంటుంది కదా! దాచినట్టు బయటపడితే మిగతా నిజాలు కూడా నమ్మరు. "పంపాను, ఆమె జవాబు ఇవ్వలేదు, తర్వాత అలాంటివి పంపలేదు" అని తానే రాయడం మేలు.

సాక్షులు

లంచ్ బల్ల దగ్గర ఆరుగురు ఉన్నారు. తన స్నేహితులు ఇద్దరి పేర్లే ఇస్తే, మిగతా నలుగురి పేర్లు ఎందుకు ఇవ్వలేదని కమిటీ అడుగుతుంది. ఆరుగురి పేర్లూ ఇవ్వాలి. తనతో పొసగని మనిషి "ఆ మాట నేను వినలేదు" అంటే, స్నేహితుడు చెప్పినదానికంటే దానికే బరువు ఎక్కువ. "ఇలా చెప్పు" అని ఎవరికీ నేర్పకండి. ఒకే వాక్యం ముగ్గురి నోట వస్తే నేర్పించారని వెంటనే తెలిసిపోతుంది. ఫిర్యాదు వివరాలు వాళ్లకు చెప్పకండి కూడా. పేర్లు ఇవ్వండి, కమిటీ పిలుస్తుంది.

జవాబు రాసే తీరు

ఫిర్యాదులోని ప్రతి పేరాకు అదే నంబరుతో జవాబు రాయండి: ఇది నిజం, ఇది నిజం కాదు, ఇది నిజమే కానీ సందర్భం వేరు. ప్రతిదానికీ ఆధారం నంబరు వేయండి. ఆమె నడవడిక, దుస్తులు, కుటుంబం గురించి ఒక్క మాట రాయకండి. పాత గొడవ ఏదైనా ఉంటే, ఉదాహరణకు అప్రైజల్‌లో తక్కువ రేటింగ్ ఇచ్చి ఉంటే, తేదీతో రెండు లైన్లు చాలు.

ఇంట్లో భార్యకో, తల్లిదండ్రులకో చెప్పుకుంటే మనసు తేలికవుతుంది. కానీ ఫిర్యాదు కాపీని ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆమె పేరు, విచారణ విషయాలు బయటికి పొక్కించడాన్ని చట్టం నిషేధించింది.

తర్వాత ఏమవుతుంది

విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. కమిటీ తేల్చిన విషయాల కాపీ ఇద్దరికీ ఇవ్వాలి, దానిపై మీ అభ్యంతరం రాసే అవకాశం ఉంటుంది. తుది సిఫారసులు నచ్చకపోతే 90 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు.

ఆరోపణ రుజువు కాలేదంటే ఫిర్యాదు అబద్ధమని తేలినట్టు కాదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఆమెపై చర్య తీసుకోనక్కర్లేదని చట్టమే చెబుతోంది. దురుద్దేశంతో పెట్టారని విడిగా విచారణలో తేలాలి. కాబట్టి "ఆమెను శిక్షించండి" అన్న దానితో జవాబు మొదలుపెట్టకండి. మీ పేరు నిలబడడానికి కావాల్సింది తేదీలు, సమయాలు, పూర్తి మెసేజీలు. ఫిర్యాదు పోలీసుల దాకా వెళితే అది వేరే దారి, ఆ రోజే వకీలును కలవండి.