మోండా మార్కెట్ కిరాయినామా: స్కాన్ చేసిన కాగితాన్ని తర్జుమాకి ముందు శుభ్రం చేసుకోవడం

సికింద్రాబాద్ మోండా మార్కెట్ చుట్టుపక్కల గల్లీల్లో తరతరాలుగా దుకాణాలు నడిపే కుటుంబాలు చాలానే ఉన్నాయి. అలాంటి ఇళ్లలో ఏదో ఒక ట్రంకుపెట్టె అడుగున దాదాగారి కాలం నాటి కిరాయినామా, రసీదు, వాటాల కాగితం కనిపిస్తుంది. ఎక్కువగా టైపు చేసిన ఇంగ్లీషు, అక్కడక్కడ ఉర్దూ. ఇప్పటి పిల్లలకు అది తెలుగులో కావాలి. వకీలు దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో అందరికీ అర్థం కావాలి కూడా. అందుకే ఫోన్‌తో ఫొటో తీసి, ఓసీఆర్ చేసి, వచ్చిన అక్షరాలను అలాగే తర్జుమాకి ఇచ్చేస్తుంటారు. చిక్కు మొదలయ్యేది అక్కడే.

ఓసీఆర్ అంటే బొమ్మలోని అక్షరాన్ని చూసి, అది ఏ అక్షరమో ఊహించి రాసే పద్ధతి. కాగితం మడత పడినా, టైపు మిషన్ రిబ్బను అరిగిపోయినా ఊహ తప్పుతుంది. తప్పు అర్థంలేని అక్షరాలుగా వస్తే ఎవరైనా పట్టేస్తారు. ప్రమాదమల్లా అది సరైన మాటలాగా, సరైన అంకెలాగా కనిపించినప్పుడే. తర్జుమా చేసే మనిషి దాన్ని నమ్మి చక్కని తెలుగులో పెట్టేస్తాడు. ఇక ఆ తెలుగు చూసి తప్పు కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఒక నమూనా తీసుకుందాం. ఇది ఏ కుటుంబానిదీ కాదు, పేర్లు కూడా ఉదాహరణ కోసం పెట్టినవే. 1947 నాటి కిరాయినామాలో ఒక వాక్యం ఓసీఆర్ తర్వాత ఇలా వచ్చిందనుకోండి:

```
Slieik Abdul
Kareem 8/o Imam-
uddin shall pay Es. 20 B.G. or Es. 23-
5-4 0.5. per month for the shop in Monda Mar-
ket, Secunderabacl, from 1 Azur 1351 F.
(October 1947).
```

చాలామంది మొదట చేసే పని, వరుస చివర ఉన్న అడ్డగీతలన్నీ తీసేసి వరుసలు కలిపేయడం. `Mar-` కింద `ket` ఉంటే కలిపితే మార్కెట్ అవుతుంది, బాగానే ఉంది. కానీ అదే దెబ్బకు `23-` కింద ఉన్న `5-4` కూడా కలిసిపోయి `235-4` అయి కూర్చుంటుంది. 23 రూపాయల 5 అణాల 4 పైసల కిరాయి కాస్తా 235 రూపాయల 4 అణాలు అయింది. ఒక్క అడ్డగీత పోయినందుకు కిరాయి పది రెట్లు పెరిగింది. పాత లెక్కలో రూపాయి, అణా, పైస మధ్య గీతే హద్దు. అది మాట విరిచిన గీత కాదు, తీసేయకూడదు.

కాబట్టి పని వరుస ముఖ్యం. ముందు అంకెలు, తర్వాత పేర్లు, ఆఖరున వరుసల చివరలు. అన్నిటికంటే ముందు ఓసీఆర్ ఇచ్చిన పాఠాన్ని మార్చకుండా ఒక నకలు పక్కన పెట్టుకోవాలి. స్కాన్ కనీసం 300 డీపీఐ ఉండాలి. ఫోన్ ఫొటో అయితే కాగితం నీడ పడకుండా, సమంగా ఉండేలా తీయాలి. బొమ్మ ఒక పక్క, పాఠం ఒక పక్క తెరిచి కూర్చోవాలి. బొమ్మ చూడకుండా, పాఠం మాత్రమే చూసి దిద్దితే ఒక ఊహ మీద ఇంకో ఊహ చేసినట్టే అవుతుంది.

ఇక అంకెల సంగతి. `Es.` అన్నది నిజానికి `Rs.` అంటే రూపాయలు. పాత అచ్చులో ఆర్ అక్షరం అరిగితే ఓసీఆర్ దాన్ని ఈ అని చదవడం మామూలే. `0.5.` అన్నది ఇంకా మోసం. చూస్తే సున్నా పాయింట్ ఐదులా ఉంది. అసలు అక్కడున్నది `O.S.`, అంటే ఉస్మానియా సిక్కా, నిజాం సర్కారు రూపాయి. పక్కనున్న `B.G.` బ్రిటిష్ సర్కారు రూపాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఇలాకా కావడంతో అక్కడ బ్రిటిష్ రూపాయి, హైదరాబాద్‌లో హాలీ సిక్కా చెలామణీలో ఉండేవి. అందుకే ఒకే కాగితంలో రెండు నాణేల లెక్కా రాసేవారు. ఈ రెండక్షరాలు పోతే ఏ రూపాయో తెలియదు, ఏ రూపాయో తెలియకపోతే మొత్తమూ తెలియదు.

అయితే ఇలా రెండు లెక్కలు ఉండటమే మనకు మేలు. 100 బ్రిటిష్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైసల ఉస్మానియా సిక్కా అన్నది నాటి రేటు. తేలిగ్గా చెప్పాలంటే ఆరుకు ఏడు. మన నమూనాలో 20 బ్రిటిష్ రూపాయలను ఏడుతో గుణించి ఆరుతో భాగిస్తే 23 రూపాయలు, పైన మూడో వంతు రూపాయి వస్తుంది. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. కాబట్టి మూడో వంతు రూపాయి అంటే 5 అణాల 4 పైసలు. 23-5-4 సరిగ్గా సరిపోయింది. 235 అన్నది ఈ లెక్కలో ఎక్కడా నిలవదు. అంకె సరైనదో కాదో కాగితమే సాక్ష్యం చెప్పింది, వేరే ఎవరినీ అడగక్కర్లేదు.

రేటు రాయని కాగితాల్లో కూడా ఒక చిన్న పరీక్ష ఉంది. అణాల గడిలో 15 దాటి, పైసల గడిలో 11 దాటి అంకె కనిపిస్తే అది ఓసీఆర్ తప్పు అయ్యే అవకాశమే ఎక్కువ. కింద మొత్తం వేసి ఉంటే పై అంకెలన్నీ కూడి చూడాలి. తేడా వస్తే 3 బదులు 8, 1 బదులు 7, 5 బదులు 6 పడిందేమో బొమ్మలో వెతకాలి. స్పెల్లింగ్ చూసే సాఫ్ట్‌వేర్ ఇక్కడ పనికిరాదు. దానికి ఏ అంకైనా ఒకటే.

తారీఖు కూడా అంతే. `1351 F.` అన్నదాన్ని తెలియనివాళ్లు క్రీస్తుశకం 1351 అని రాసేస్తారు. ఎఫ్ అంటే ఫస్లీ. హైదరాబాద్ రాజ్యంలో ఆజుర్ మొదటి నెల, అక్టోబరులో మొదలయ్యేది. ఆ నెలకైతే ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జనవరి నుంచి 591 కలపాలి. 1351కి 590 కలిపితే 1941. కాగితం మీద మాత్రం అక్టోబరు 1947 అని ఉంది. 1947లోంచి 590 తీస్తే 1357. అంటే ఏడును ఓసీఆర్ ఒకటిగా చదివిందన్నమాట. బొమ్మ పెద్దది చేసి చూస్తే ఏడు పైగీత మసకగా కనపడుతుంది. లెక్క సరిపోయింది కదా అని బొమ్మ చూడకుండా మాత్రం దిద్దకండి. అసలు రాసినవాడే పొరపాటు పడి ఉండొచ్చు. అది ఓసీఆర్ తప్పు కాదు గనక కాగితంలో ఉన్నట్టే ఉంచి, పక్కన గమనిక రాయాలి.

పేర్ల విషయంలో ఇంగ్లీషు ఓసీఆర్‌కి మన పేర్లంటే ఓ పాత జబ్బు ఉంది. హెచ్ అక్షరాన్ని ఎల్, ఐ అని రెండుగా విడగొడుతుంది. `Sheik` కాస్తా `Slieik`, `Khan` కాస్తా `Klian` అవుతాయి. సికింద్రాబాద్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ మూడో నిజాం సికందర్ జా కూడా పాత పుస్తకాల స్కానుల్లో `Sikandar Jali` అయిపోతారు. తెలుగులోకి వచ్చేసరికి ‘సికందర్ జాలీ’ అన్న కొత్త మనిషి పుడతాడు. `d` అక్షరం `cl` గా మారడం కూడా ఇలాంటిదే, నమూనాలో సికింద్రాబాద్ చివర అదే జరిగింది. `Klian`, `Slieik`, `Jali`, `bacl` అన్న ముక్కలను ఒక్కొక్కటిగా పాఠంలో వెతికి, ప్రతిసారీ బొమ్మతో పోల్చి మార్చాలి. ఒకేసారి అన్నీ మార్చే బటన్ నొక్కకపోవడం మంచిది. ఎందుకంటే జాలీ అన్న మాట నిజంగానే ఎక్కడైనా ఉండొచ్చు.

`8/o` అన్నది `s/o`, అంటే ఫలానా వారి కొడుకు. అది ఎనిమిదిగా మారితే తండ్రి పేరు కాస్తా ఇంటి నంబరు పక్కన పడిన మాటలా కనిపిస్తుంది. వాటాల కాగితంలో తండ్రి పేరు తప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా? మొదటి వరుస చివర ‘అబ్దుల్’, రెండో వరుస మొదట ‘కరీం’ ఉన్నాయి కదా. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన మనిషి ఇద్దరనుకోవచ్చు. మన ఇళ్లలో పిల్లాడికి కూడా తెలుసు, అబ్దుల్ అన్నది ఒంటరిగా నిలిచే పేరు కాదు, ఫలానావాడి దాసుడు అన్న మాటలో సగం. వరుస అబ్దుల్ దగ్గర ఆగితే తర్వాతి మాట దానిదే. వరుస మొదట ఉద్దీన్ కనిపిస్తే దాని తల పై వరుసలో ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఒకే మనిషి పేరు ఒకచోట `Sheik`, ఇంకోచోట `Shaikh` అని బొమ్మలోనే ఉంటే దాన్ని ఒకేలా చేయకూడదు. అది గుమాస్తా రాత. తెలుగులో ఒకే రూపం వాడినా, మొదటిసారి వచ్చినప్పుడు కాగితంలో ఏ స్పెల్లింగులు ఉన్నాయో గమనికలో చెప్పాలి.

అంకెలు, పేర్లు అయ్యాకే వరుసలు కలపాలి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో వెతికే పెట్టె తెరిచి, `Regular expression`, `Match case` రెండూ ఎంచుకోండి. ముందుగా అంకెల మధ్య విరిగిన చోట్లు చూడాలి. దీన్ని వెతకడానికే వాడండి, మార్చడానికి కాదు:

```
[0-9]-\R[0-9]
```

దొరికిన ప్రతిచోటా గీత ఉంచి, వరుస మాత్రం చేత్తో కలపండి. తర్వాత చిన్న అక్షరాల మధ్య విరిగిన మాటలను ఇలా కలపొచ్చు. మొదటిది వెతికే గడిలో, రెండోది మార్చే గడిలో రాయాలి:

```
([a-z])-\R([a-z])
$1$2
```

ఇది మార్కెట్‌నీ ఇమాముద్దీన్‌నీ కలుపుతుంది, అంకెల జోలికి పోదు. నిజంగానే గీతతో రాసే జంట మాట వరుస చివర విరిగితే దాని గీత మాత్రం పోతుంది. అందుకే ఒక్కొక్కటి చూస్తూ మార్చాలి. మిగిలిన వరుసలను మధ్యలో ఒక ఖాళీ పెట్టి కలపండి. పేరాల మధ్య ఉన్న ఖాళీ వరుసను, లెక్కల పట్టికలను, హద్దుల జాబితాను కదపకండి. పట్టికలో ప్రతి వరుసా ఒక సంగతి. కలిపేస్తే ఎవరి వాటా ఎవరిదో తెలియదు.

పాత తెలుగు అచ్చు కాగితమైతే తిప్పలు వేరు. వరుస చివర గీత పెట్టకుండానే మాట విరిచేవారు కాబట్టి ‘సికింద్రా’, ‘బాదు’ అని రెండు ముక్కలు మిగులుతాయి. వీటిని చదువుతూ చేత్తో కలపాల్సిందే. ఫాతిమాలో ఒత్తు చెరిగిపోయి ‘పాతిమా’, బాషా కాస్తా ‘భాషా’ అవుతాయి. తెలుగు సున్నా అంకె ౦, మాటలోని పూర్ణానుస్వారం ం తెర మీద ఒకేలా కనిపిస్తాయి. లెక్క చేసేటప్పుడే తేడా బయటపడుతుంది.

ఉర్దూ చేతిరాత కాగితాలకైతే ఓసీఆర్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఉర్దూ ఒకటి అంకె, అలిఫ్ రెండూ నిలువు గీతలే, సున్నా ఒక చుక్క. కొన్ని పాత దస్తావేజుల్లో మొత్తాన్ని రఖం పద్ధతిలో, అంకెలు కాకుండా కుదించిన అక్షరాల గుర్తులతో రాశారు. దాన్ని చదివే పెద్దవాళ్లు ఉంటే వాళ్ల పక్కన కూర్చుని రాసుకోవాలి. ఎక్కడ చదవడం కుదరలేదో అక్కడ ఊహించి నింపకుండా, తెలుగులో ‘ఇక్కడ ఒక అంకె చెరిగింది’ అని, పేజీ, వరుస నంబరుతో సహా రాసి పెట్టాలి.