లోకల్‌హోస్ట్ పక్కన ఆ 3000 ఎందుకుంటుంది?

మొన్న మామిడిపళ్ళ సీజన్లో కొల్లాపూర్ నుంచి మా చిన్నమ్మ కొడుకు వాట్సాప్‌లో ఒక లింకు పంపాడు. "అన్నా, మన తోట సైటు తయారైంది, జర చూసి చెప్పు" అని. ఆ లింకు `http://localhost:3000`. నా ఫోన్లో నొక్కితే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వచ్చింది. వాడేమో "నాకైతే మంచిగనే వస్తుంది" అంటాడు. ఇద్దరిదీ నిజమే.

లోకల్‌హోస్ట్ అంటే "మా ఇల్లు" అనడం లాంటిది. ఎవరు అంటే వాళ్ళ ఇల్లే. వాడి లాప్‌టాప్ అంటే వాడి లాప్‌టాప్, నా ఫోన్ అంటే నా ఫోన్. నా ఫోన్లో 3000 మీద వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి అది కాదు పొమ్మంది. ఆ పేరు వెనకున్న అంకె 127.0.0.1. 1981లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 790లో 127తో మొదలయ్యే నెట్‌వర్కును ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టారు. 1986లో ఆర్‌ఎఫ్‌సీ 990 దానికి లూప్‌బ్యాక్ పని అప్పజెప్పింది. ఈ చిరునామాలు మెషీన్ దాటి బయటికి రాకూడదని 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1122 తేల్చేసింది. మనం వాడేది దాదాపు ఒక్క 127.0.0.1నే, దానికోసం కేటాయించినవి మాత్రం 1,67,77,216! తర్వాత ఐపీవీ4 చిరునామాలకు ఇంత కరువొస్తుందని అప్పుడెవరనుకున్నారు.

వాడి ఇంట్లోనే అదే వైఫై మీదున్న ఇంకో ఫోన్లో చూడాలంటే సర్వర్ని 0.0.0.0 మీద నడిపి, లాప్‌టాప్‌కి వైఫై ఇచ్చిన 192.168తో మొదలయ్యే చిరునామా కొట్టాలి. హైదరాబాద్‌లో ఉన్న నాకు చూపించాలంటే అదీ చాలదు, సైటుని బయట ఎక్కడైనా పెట్టాల్సిందే.

ఇక కోలన్ తర్వాతి అంకె సంగతి. 1972 మేలో జాన్ పోస్టెల్ ఆర్‌ఎఫ్‌సీ 349 రాశాడు. ఆర్పానెట్‌లో ఏ సేవకి ఏ నంబరో ఒకరు కూర్చుని పంచాలి, ఆ పని నేను చేస్తాను అన్నది దాని సారాంశం. అతనిచ్చిన జాబితాలో ఎకో 7, డిస్కార్డ్ 9. ఈరోజుకీ అవే. అన్నీ బేసి సంఖ్యలే ఎందుకంటే, అప్పటి ఎన్‌సీపీలో ఒక కనెక్షన్ ఒకవైపే నడిచేది. రానుపోను రెండు సాకెట్లు కావాలి, పంపేదానికి బేసి, అందుకునేదానికి సరి. 1983 జనవరి 1న ఆర్పానెట్ టీసీపీకి మారింది. రెండువైపులకీ ఒకే నంబరు సరిపోయింది, పాత బేసి నంబర్లు మాత్రం అలాగే మిగిలాయి. టిమ్ బెర్నర్స్-లీ 1991లో హెచ్‌టీటీపీని మొదటిసారి వర్ణించినప్పుడు పోర్టు చెప్పకపోతే 80 అనుకోమన్నాడు. 1992లో ఆర్‌ఎఫ్‌సీ 1340 జాబితాలోకి అది ఎక్కింది.

మరి మనం హాయిగా 80 మీదే టెస్ట్ చేసుకోవచ్చు కదా? లినక్స్‌లో మామూలు యూజర్‌గా ప్రయత్నించండి:

```
$ python3 -m http.server 80
PermissionError: [Errno 13] Permission denied
```

ఈ గోడ బర్క్‌లీ వాళ్ళు కట్టింది. బీఎస్‌డీ యూనిక్స్‌లో 1024 కన్నా తక్కువ పోర్టుని రూట్ మాత్రమే తెరవగలడు. ఆర్‌లాగిన్, ఆర్‌ఎస్‌హెచ్ లాంటివి ఈ నియమం మీదే బతికేవి. అవతలి కనెక్షన్ చిన్న పోర్టు నుంచి వచ్చిందంటే, ఆ మెషీన్ అడ్మిన్ పూచీ ఉన్నట్టే అని పాస్‌వర్డ్ అడక్కుండా నమ్మేవి. కంప్యూటర్లు పెద్దగదిలో, నలుగురికి తెలిసిన అడ్మిన్ చేతిలో ఉన్నరోజుల్లో అది చెల్లింది. ప్రతివాడూ తన లాప్‌టాప్‌కి తనే రూట్ అయిన ఈ రోజుల్లో ఆ నమ్మకానికి అర్థం లేదు, గోడ మాత్రం ఉంది (విండోస్‌లో ఇది లేదు).

రూట్ లేనివాళ్ళు 80ని గుర్తుచేసే 8000, 8080లకు వెళ్ళారు. టామ్‌క్యాట్ డిఫాల్ట్ 8080, జాంగో డిఫాల్ట్ 8000. మావాడి 3000 మాత్రం వేరే వంశం. 2004లో వచ్చిన రూబీ ఆన్ రైల్స్‌కి అది డిఫాల్ట్, తర్వాత నోడ్ వాళ్ళకీ అలవాటైంది. 1024 దాటాక అంతా మర్యాదే తప్ప చట్టం కాదన్నమాట.

చట్టం లేనిచోట గొడవలొస్తాయి. `Address already in use` అని వస్తే సాధారణంగా మీరే ఇంకో టెర్మినల్లో వదిలేసిన పాత సర్వర్ అక్కడ కూర్చుని ఉంటుంది. `lsof -i :3000` కొడితే ఎవరో తెలుస్తుంది. దీనికన్నా చికాకైనది, తలుపు తెరుచుకుంటుంది కానీ పలికేది వేరేవాళ్ళు. ఫ్లాస్క్ డిఫాల్ట్ పోర్టు 5000. 2021లో మ్యాక్ మాంటెరీ వచ్చినప్పుడు ఎయిర్‌ప్లే రిసీవర్ అదే 5000 మీద కూర్చుంది. బ్రౌజర్లో 403 చూసి తమ కోడ్‌లో పర్మిషన్ల తప్పనుకుని వెతికినవాళ్ళు చాలామందే. `curl -I http://localhost:5000` కొట్టి హెడర్ చూస్తే `Server: AirTunes` అని ఉంటుంది.